గేటు ధర చెప్పే అక్క

ఆమెకు ఒక పేరుండేది. ఆఫీసు గోడకు తగిలించిన లైసెన్సు కాగితం మీద తప్ప ఆ పేరు ఎక్కడా వాడకంలో ఉండేది కాదు. మందుల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న ఆ షేర్ బ్రోకరు ఆఫీసుకు వచ్చేవాళ్లందరికీ ఆమె గేటక్క. ఖాతాదారులు కొనమన్నవి కొనడం, అమ్మమన్నవి అమ్మడం, ఆ ఆర్డర్లు కంప్యూటర్‌లో కొట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఉద్యోగంలో చేరినవాళ్లు రెండేళ్లు తిరక్కుండానే ఇంకో కంపెనీ చూసుకుని పోతారు, లేదంటే తామే షేర్లాడి చేతులు కాల్చుకుని పోతారు. ఆమె ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీలో ఉంది. తన పేరిట ఒక్క షేరు కూడా కొనలేదు.

"మా అక్కయ్య ఊరందరికీ వండి పెడుతుంది, తను మాత్రం మెతుకు ముట్టదు" అనేవాడు పోస్టు బాబాయి. ఆయన తపాలాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆఫీసులో ఉన్న ఐదు కుర్చీల్లో కిటికీ పక్క కుర్చీ ఆయనదే. ఆయన కొనేదీ లేదు, అమ్మేదీ లేదు. ఫ్యాను గాలీ, నలుగురి మాటలూ చాలు.

గేటక్క అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి, లేకపోతే ఈ కథే లేదు. చిన్న చిన్న కంపెనీల షేర్లు కొన్నిటికి ఎక్స్ఛేంజివాళ్లు రోజుకు ఇంత అని హద్దు పెడతారు. నిన్న ముగిసిన ధర మీద ఐదు శాతం పైకి, ఐదు శాతం కిందికి. ఆ రోజు ధర ఆ రెండు హద్దుల మధ్యే తిరగాలి. పై హద్దుకు చేరి కొనేవాళ్లే తప్ప అమ్మేవాళ్లు లేకపోతే అక్కడే తాళం పడుతుంది. కింది హద్దుకు చేరి అమ్మేవాళ్లే తప్ప కొనేవాళ్లు లేకపోతే అక్కడా అంతే. బజారులో దీన్ని సర్క్యూట్ అంటారు. ఆమె మాత్రం గేటు అనేది. పై గేటు, కింది గేటు. ప్రతి రోజూ పొద్దున్న బజారు తెరవడానికి గంట ముందే వచ్చి, తన ఖాతాదారుల దగ్గరున్న ఆ తరహా షేర్లన్నిటికీ ఆ రోజు గేటు ధరలు ఒక పొడుగు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేది. ఆ పక్కనే ఎవరి స్టాప్‌లాస్ ఎంతో రాసేది. ధర ఇంతకు పడితే నా షేర్లు అమ్మెయ్యండి అని ముందే పెట్టుకునే ఆర్డరే స్టాప్‌లాస్. ఎవరి స్టాప్‌లాస్ గేటు అవతల పడిందో, ఎవరిది గేటుకు ఆనుకుని ఉందో చూసి వాళ్లకు ఫోన్ చేసేది.

ఆ ఫోన్లను ఎవరూ ఇష్టపడేవాళ్లు కాదు. స్నానానికి వెళ్లబోయేవాడికి, పిల్లల్ని బడికి దింపబోయేవాడికి గేటు ఎక్కడుంటే ఏమిటి? "సరే అక్కా, చూద్దాం అక్కా" అని పెట్టేసేవాళ్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ గంట ఆమె పక్కన కూర్చుంటే చాలు. అయినా మర్నాడు మళ్లీ చేసేది. కోపం ఉండేది కాదు, నిష్ఠూరం ఉండేది కాదు. పాలవాడు పాలు పోసినట్టు ధర చెప్పి పెట్టేసేది.

ఆ ఫోన్లకు అందరికన్నా ఎక్కువ విసుక్కున్నవాడు స్కేలు మాస్టారు. ఈ కథలో చాలాసేపు నష్టపోతూ వచ్చినదీ, చివరకు ఎక్కువ బాగుపడినదీ అతనే.

అతను మాస్టారేమీ కాదు. ఇళ్లు కట్టే ఒక కంపెనీలో నక్షాలు గీస్తాడు. ఇప్పుడు నక్షాలన్నీ కంప్యూటర్‌లోనే గీస్తున్నా, అతని చొక్కా జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తల బయటికి పెట్టి చూస్తూనే ఉంటుంది. నలభై ఎనిమిదేళ్లవాడు. గోడ ఎక్కడ, తలుపు ఎక్కడ, మెట్టు ఎంత ఎత్తు అన్నది గీతలోనే తేలాలన్నది అతని నమ్మకం. షేర్ల చార్టులు చూడటం మొదలుపెట్టాక ఆ నమ్మకాన్ని అక్కడికీ తీసుకొచ్చాడు. చార్టును కాగితం మీద అచ్చు వేయించి, స్కేలు పెట్టి గీతలు గీసేవాడు. గీత గీశాక దాన్ని ధర దాటితే అది ధర తప్పే గానీ గీత తప్పు కాదన్నట్టు మాట్లాడేవాడు.

ఆ నెలలో అతని చేతిలో కొంత డబ్బు ఉంది. అతనిది కాదు, అతని భార్యది. ఆమె పదహారేళ్లుగా ఇంటి ముందు గదిలో బట్టలు కుడుతోంది. మిషను, బల్ల, కుట్టాల్సిన గుడ్డలు, కుట్టిన గుడ్డలు, మధ్యలో కొలతలిచ్చే మనుషులు. ఇంట్లోవాళ్లు వంటింటికి వెళ్లాలంటే ఎవరో ఒకరి భుజం పక్కకు జరపాల్సిందే. ఆమె కుట్టి కుట్టి దాచిన డబ్బుతో మెయిన్ రోడ్డు మీద ఒక చిన్న షాపు అద్దెకు తీసుకోవాలనుకుంది. షాపు యజమానికి వచ్చే సోమవారం అడ్వాన్సు కట్టాలి. కట్టకపోతే అదే షాపుకు ఫోన్ల రిపేరువాడు కాసుకుని కూర్చున్నాడు. డబ్బు వారం రోజులు ఊరికే ఉంటుంది కదా అని స్కేలు మాస్టారు దాన్ని ఒక షేరులో పెట్టాడు. పెట్టినట్టు ఇంట్లో చెప్పలేదు.

అది నీటి పంపులకు పోత భాగాలు చేసే ఒక చిన్న కంపెనీ. అంతకు ముందు బజారు తెరిచిన ఆరు రోజులూ ఆ షేరు వరుసగా పై గేటుకు తాళం పడుతూ వచ్చింది. వంద నుంచి 105, అక్కడి నుంచి 110.25, తర్వాత 115.75, 121.50, 127.55, 133.90. చార్టులో ఆ ఆరు రోజులూ ఆరు చిన్న అడ్డగీతలు. మెట్ల నక్షా గీసినట్టు ఉంది. మెట్లు చూస్తే మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. సోమవారం తాళం విడగానే 135కు వెయ్యి షేర్లు కొన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం భోజన విరామంలో ఆఫీసుకు వచ్చి, అచ్చు వేయించిన చార్టు గేటక్క బల్ల మీద పరిచాడు.

"అక్కా, 127.55 దగ్గర చూడండి, ఎంత గట్టి మెట్టో. దాని కింద, 127 దగ్గర స్టాప్‌లాస్ పెట్టండి. మెట్టు విరిగితే బయటికి వచ్చేస్తాను. విరగదు గానీ, జాగ్రత్త కోసం."

గేటక్క ఆర్డరు కొట్టింది. కంప్యూటర్ తిప్పికొట్టింది. మళ్లీ కొట్టమన్నాడు. మళ్లీ తిప్పికొట్టింది.

"ఇవాళ కింది గేటు 128.45 తమ్ముడూ. అంతకన్నా కింద ఇవాళ ధరే లేదు. లేని ధరకి ఆర్డరు తీసుకోదు" అంది ఆమె.

"అంటే ఇవాళ నాకు భయం లేదన్నమాట!"

"ఇవాళ లేదు. రేపు గేటు కిందికి జరుగుతుంది. రేపు తెరవడమే అక్కడ తెరిస్తే నీ స్టాపు ఏం చేస్తుంది?"

"127 రాగానే అమ్ముతుంది."

"ఎవరికి?" అంది గేటక్క.

మాస్టారికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పోస్టు బాబాయి పేపరు దించి, "అమ్మాలంటే కొనేవాడుండాలి కదయ్యా. సంతలో ఒక్కడివే నిలబడి ఆవు అమ్ముతానంటే ఎలా?" అన్నాడు.

గేటక్క అతని చేతిలోని స్కేలే తీసుకుని ఆ అడ్డగీతల్ని ఒక్కొక్కటిగా చూపించింది. "ఇవి మెట్లని నువ్వనుకుంటున్నావు. ఇది లెక్క తమ్ముడూ. నిన్నటి ధర మీద ఐదు శాతం. దాని మీద మళ్లీ ఐదు శాతం. ఏ షేరుకి తాళం పడ్డా ఇదే బొమ్మ వస్తుంది, కంపెనీ ఏదైనా సరే. ఇప్పుడు ఇది చూడు" అని చార్టు కింద వరసలో ఉన్న సన్నటి పుల్లల మీద స్కేలు పెట్టింది. ఏ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయో చెప్పేవి ఆ పుల్లలే. "127.55 రోజు మొత్తం మీద మారింది రెండొందల అరవై షేర్లు. లక్షల మంది కొంటామని నిలబడ్డారు, ఎవరికీ దొరకలేదు. ఆ ధరకి కొన్నవాడే లేనప్పుడు, రేపు ఆ ధర దగ్గర కాపు కాసేవాడెవడు?"

మాస్టారు కాసేపు ఆ పుల్లల వైపు చూశాడు. నిజం అక్కడే కనబడుతోంది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడితో ఏం చెప్తాం? "లక్షల మంది కొనాలనుకున్నారు కదా అక్కా. వాళ్లంతా కింద ధర వస్తే ఎగబడరా?"

"పైకి పోతుందనుకుని నిలబడ్డవాళ్లు వాళ్లు. పడుతుంటే నిలబడరు." ఆమె స్కేలు అతనికి తిరిగి ఇచ్చింది. "ఇలాంటి షేరుకి స్టాప్‌లాస్ అంటే ధర కాదు తమ్ముడూ, సంఖ్య. నాలుగు రోజులు వరసగా తాళం పడినా ఇల్లు కదలనంత తక్కువ కొనుక్కోవాలి. అదే నీ స్టాపు. ఇంతకీ ఈ డబ్బు దేనిది?"

చెప్పకూడదనుకున్నాడు. ఆమె ముఖం చూసి చెప్పేశాడు. షాపు, సోమవారం, ఫోన్ల రిపేరువాడు, ఇంటి ముందు గది, అంతా. గేటక్క తిట్టలేదు. ఇప్పుడు కొనేవాళ్లున్నారు, ఇప్పుడే అమ్మేసుకో అంది. ఒక్క రోజు చూస్తానన్నాడు. అయితే రేపు ఆఫీసుకు సెలవు పెట్టి, తెరిచేలోగా ఇక్కడికి రా అంది. ఆ ఒక్క మాట మాత్రం విన్నాడు. ఎందుకు విన్నాడో తర్వాత ఎంతమంది అడిగినా అతను చెప్పలేకపోయాడు. ఆమె అడిగింది, అంతే.

ఆ సాయంత్రం ఆ కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్లు తప్పుకున్నారని వార్త వచ్చింది. షేరు ఆ రోజు 134 దగ్గర ముగిసింది. టీవీలో కింద పాకే అక్షరాల్లో ఆ వార్త చదివేసరికి మాస్టారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏమైందండీ?" అంది భార్య. ఆమె ఒళ్లో షాపు కొలతలు రాసుకున్న కాగితం ఉంది. మిషను ఎటు పెట్టాలో, అద్దం ఎటు పెట్టాలో అతనే గీసిచ్చాడు. "ఏం లేదు" అన్నాడు.

బుధవారం పొద్దున్న అతను వెళ్లేసరికి గేటక్క పుస్తకం తెరిచి ఉంది. అతని పేరుండాల్సిన చోట స్కేలు అని రాసి, పక్కన 127.30 అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

"ఇవాళ కింది గేటు ఇదే. తెరవడమే అక్కడ తెరుస్తుంది. గేటు ధర కన్నా తక్కువకి ఎవరూ అమ్మలేరు కాబట్టి అమ్మేవాళ్లంతా ఆ ఒక్క ధరకే నిలబడతారు. ధర ఒకటే అయినప్పుడు ముందు వచ్చినవాడిది ముందు. మొదటి నిమిషంలో తెగించి కొనేవాళ్లు కొందరుంటారు. వాళ్లు పోయాక ఇంకెవరూ ఉండరు. మొత్తం వెయ్యీ 127.30కి పెట్టమంటావా? నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పకుండా నేను కొట్టను."

"అక్కా, అది నా మెట్టు ధరే కదా! 127.55 దగ్గర లేస్తుంది. లేచే చోట అమ్మమంటారేంటి? 128 తగిలితే 127.50కి అమ్మేలా స్టాపు పెట్టండి. గేటు లోపలే ఉంది కదా, మీ కంప్యూటర్ ఒప్పుకుంటుంది."

"ఒప్పుకుంటుంది. కొనేవాడు ఒప్పుకోవాలి" అంది ఆమె. గోడ గడియారం చూసింది. ఇంకా నాలుగు నిమిషాలుంది.

ఆ నాలుగు నిమిషాలు అతను తన బతుకులో మరిచిపోలేదు. ఎదురుగా మనిషి బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టుకుని, అతని నోటివంక చూస్తూ కూర్చుంది. ఆమె కళ్లలో అతని మీద జాలి కూడా లేదు. అతని షాపు తన షాపే అయినట్టు ఒక ఆత్రం ఉంది. తన డబ్బు కాదు, తన ఇల్లు కాదు, ఈ మనిషికి ఎందుకింత అనుకున్నాడు.

"సగం మీ మాట అక్కా. సగం నా గీత" అన్నాడు.

ఐదొందలు 127.30కి, ఐదొందలు అతని స్టాపుకి. గేటక్క రెండూ సిద్ధం చేసి, బజారు తెరిచిన క్షణంలోనే వదిలింది. తెరవడమే 127.30. మొదటి నిమిషంలోనే అతని ఐదొందలు వెళ్లిపోయాయి. ఆ మొదటి ధర తగలగానే స్టాపు కూడా మేలుకుంది. మేలుకుని 127.50 దగ్గర అమ్ముతానని నిలబడింది. 127.30కే కొనేవాడు కరువైపోతుంటే 127.50కి ఎవడు కొంటాడు? మూడో నిమిషానికి కొనేవాళ్ల వైపు వరస మొత్తం సున్నాలే. అమ్మేవాళ్ల వైపు నాలుగు లక్షలు దాటింది.

తెర మీద ధర మాత్రం కదలకుండా నిలబడి ఉంది. మాస్టారు లేచి నిలబడ్డాడు.

"చూశారా అక్కా! ఆగింది! నా గీత దగ్గరే ఆగింది. పావలా కన్నా కిందికి పోలేదు!"

పోస్టు బాబాయి కూడా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చార్టు చూస్తే నిజంగానే అలాగే ఉంది. పడిపడి వచ్చిన ధర గీత దగ్గరకొచ్చి నిలబడినట్టు, కింద ఎవరో చేతులు పెట్టి మోస్తున్నట్టు. ఆఫీసులో ఉన్న ఇంకో ఇద్దరు అదే చార్టు చూసి, పడటం ఆగిపోయిందని ఉన్నవి పట్టుకుని కూర్చున్నారు.

"నీ గీత దగ్గర ఆగలేదు తమ్ముడూ. తలుపు మూస్తే ఆగింది" అంది గేటక్క. "గేటు లేకపోతే ఇది ఈపాటికి ఎక్కడుండేదో ఎవరికీ తెలీదు. పడాల్సింది ఇంకా పడలేదు, అంతే. ఆ మిగిలిన ఐదొందలు రద్దు చేసి గేటు ధరకి మారుస్తాను, ఊ అను."

అప్పుడు విన్నాడు. కానీ అప్పటికి అతని ముందు నాలుగు లక్షల షేర్లున్నాయి. సాయంత్రం దాకా ఇద్దరూ తెర వంక చూస్తూ కూర్చున్నారు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. రోజు ముగిసేసరికి వరసలో ఉన్న ఆర్డర్లన్నీ చెల్లకుండా పోతాయి. మర్నాడు అందరూ మళ్లీ మొదటి నుంచి నిలబడాలి.

ఆ రాత్రి అతను భార్యకు చెప్పాడు. ఆమె ఏడవలేదు, అరవలేదు. కత్తెర పక్కన పెట్టి, "సగం అమ్మిందెవరు?" అని అడిగింది. చెప్పాడు. "ఆవిడకి మనమేం అవుతాం?" అంది. ఏమీ కాము అన్నాడు. "రేపటి నుంచి ఆవిడ ఏం చెబితే అది చెయ్యండి" అని కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకుంది.

గురువారం గేటు 120.95. గేటక్క మొదటి క్షణంలోనే కొట్టింది, కానీ ఊళ్లలో ఎందరో గేటక్కలు, ఎన్నో కంప్యూటర్లు. కొన్నవాళ్లు తక్కువ, వీళ్ల దాకా రాలేదు. శుక్రవారం అమ్ముడుపోతేనే డబ్బు సోమవారానికి ఖాతాలో పడుతుంది. శుక్రవారం కాకపోతే షాపు లేదు. ఆ సంగతి మాస్టారు ఆమెకు చెప్పలేదు, ఆమె అతనికి చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం గేటు 114.95. ఆ రోజు ఆమె ఆర్డరు ముందుగానే నింపి పెట్టుకుని, వేలు మీట మీద ఆనించి, ఎవరు పలకరించినా పలకలేదు. పోస్టు బాబాయి ఫ్యాను తగ్గించడానికి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాడు. బజారు తెరిచింది. ఆమె వేలు కదిలింది. నూట ఎనభై అమ్ముడుపోయాయి. ఆగింది. మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఎవరో ఎక్కడో, ఇక పడదనుకునో, పడినా ఫర్వాలేదనుకునో, ఒక్కసారిగా కొన్ని వేలు కొన్నాడు. ఆ వేలల్లో ఇతని మూడొందల ఇరవై కూడా వెళ్లిపోయాయి. ఆ వెనకే తెర మీద కొనేవాళ్ల వరస మళ్లీ సున్నా అయింది.

"అయిపోయింది తమ్ముడూ" అంది గేటక్క. అని, కుర్చీలో వెనక్కి వాలింది. అప్పుడే అతను చూశాడు, ఆమె చీర భుజం దగ్గర చెమటకు తడిసిపోయింది.

ఆ షేరుకు ఇంకో ఐదు రోజులు వరసగా తాళం పడి, తొంభై లోపలికి పోయాక గానీ గేటు విడలేదు. 127.30 దగ్గర పడటం ఆగిందని పట్టుకుని కూర్చున్న ఆ ఇద్దరూ అప్పుడు అమ్ముకున్నారు. పాపం, వాళ్లకూ బుధవారం పొద్దున్న ఆమె ఫోన్ చేసింది.

సోమవారం అడ్వాన్సు కట్టారు. చేతిలో ఉన్నది సరిగ్గా సరిపోయింది, షాపుకు బోర్డు రాయించడానికి మిగల్లేదు. తాళంచెవి తీసుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ నేరుగా బ్రోకరు ఆఫీసు మెట్లెక్కారు. బజారు మూసే వేళైంది. గేటక్క పుస్తకం సర్దుకుంటోంది.

భార్య ఆమె ముందు నిలబడి, "వదినా, ఈయన సగమే విన్నారట. మిగతా సగం వినిపించే పని నాది" అంది. నవ్వించాలనే అంది. కానీ తనే నవ్వలేకపోయింది. "పదహారేళ్లు కుట్టాను వదినా. మీరు లేకపోతే..." అని ఆగిపోయింది.

మాస్టారు ఇంటి దగ్గర ఏవో నాలుగు మాటలు తయారుచేసుకుని వచ్చాడు. ఒక్కటీ గుర్తురాలేదు. "అక్కా, మీరు మాకు చేసింది మా సొంతవాళ్లు కూడా చెయ్యరు. అంతే. ఇంకేం చెప్పడం నాకు చేతకాదు" అన్నాడు.

గేటక్క వాళ్లకు కుర్చీలు చూపించింది. తను నిలబడే ఉంది. కాసేపటికి తన కథ చెప్పింది, ఇరవై రెండేళ్లలో ఎవరికీ చెప్పనిది. చేరిన మొదటి సంవత్సరం ఒక హెడ్మిస్ట్రెస్ ఆమె ఖాతాదారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో చిన్న ఫ్లాటు కొనుక్కోవాలనుకుంది, దొరికేదాకా షేర్లలో పెట్టింది. గేటున్న షేరు. స్టాప్‌లాస్ పెట్టింది ఈమే. 'పెట్టాను మేడమ్, మీరు నిశ్చింతగా ఉండండి' అని చెప్పింది కూడా ఈమే. తొమ్మిది రోజులు తాళం పడింది. స్టాపు ఎక్కడో పైన నిలబడి ఉంది, షేరు పాతాళంలో ఉంది. ఫ్లాటు పోయింది.

"నన్ను ఒక్క మాట అనలేదమ్మా. 'నీకు తెలీదు, నాకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది కదా, ఇంకొకరికి చెప్పు' అన్నారు. అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాను. అందరూ మునిగాక వచ్చి, అక్కా నువ్వు చెప్పావు అంటారు. మునగకముందు వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నవాడు మీ ఆయన ఒక్కడే. సగమే వినీ, విన్నాడు. నేనే మీకు రుణపడి ఉన్నాను."

మాస్టారు తల వంచుకున్నాడు. కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చి కృతజ్ఞత అందుకోవడం అతనికి ఎన్నడూ జరగలేదు. సిగ్గుగా ఉంది, సంతోషంగా కూడా ఉంది.

"ఆవిడ ఉన్నారా?" అని అడిగింది భార్య.

"ఉన్నారు. రెండు వీధుల అవతలే, అద్దె గదిలో. ఎనభై దాటాయి. నేనే మొహం చెల్లక వెళ్లలేదు, చాలా ఏళ్లయింది."

"పదండి వదినా. మేమూ వస్తాం."

పాత మేడ, ఇరుకు మెట్లు. పై గదిలో మంచం, బల్ల, గోడ నిండా పుస్తకాలు. హెడ్మిస్ట్రెస్ తలుపు తీసి, కళ్లజోడు సర్దుకుని, గేటక్కను చూడగానే గుర్తుపట్టింది. "రా అమ్మా, ఇన్నాళ్లకా?" అంది. గేటక్క లోపలికి అడుగుపెట్టలేదు. గడపలో నిలబడే జరిగిందంతా చెప్పింది. హోమ్‌వర్కు అప్పజెప్పే పిల్లలా, ఒక్క ధర కూడా వదలకుండా చెప్పింది. ముసలావిడ మధ్యలో ఎక్కడా ఆపకుండా వింది.

"మొత్తం ఎన్ని షేర్లు?" అని అడిగింది చివరకు.

"వెయ్యి మేడమ్."

"షాపు వచ్చిందా?"

మాస్టారి భార్య చెయ్యి చాపి తాళంచెవి చూపించింది. హెడ్మిస్ట్రెస్ దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి ఆమె చేతిలోనే పెట్టేసింది. తర్వాత గేటక్క వైపు తిరిగింది.

"అయితే నా డబ్బు నాకు వచ్చేసినట్టే" అంది. "ఇంక లోపలికి రా."